సోఫా కవర్లు ఉతికాక జిప్ దగ్గర, పైపింగ్ దగ్గరే ముడతలు ఎందుకొస్తాయి?

కవర్ ఉతికి ఆరేశాక అది పాడైందో లేదో తెలుసుకోవాలంటే మధ్యలో బట్ట చూసి లాభం లేదు, అంచులు చూడాలి. మధ్య భాగం చాలాసార్లు బాగానే ఉంటుంది. వెనక జిప్ మాత్రం అలలు అలలుగా పైకి లేస్తుంది, లేదంటే ముందు అంచున తాడు చుట్టి కుట్టిన పట్టీ, అదే పైపింగ్, బిగుసుకుపోయి దాని పక్కనున్న బట్టంతా కుచ్చిళ్లు పెట్టినట్టు ముడుచుకుపోతుంది. అందరూ "బట్ట కుదించుకుపోయింది" అనేస్తారు. నిజమే, కానీ సగమే నిజం. బట్టతో పాటు దానికి కుట్టినవన్నీ అదే లెక్కన కుదించుకుపోయి ఉంటే కవర్ కాస్త చిన్నదయ్యేదే తప్ప ముడతలు వచ్చేవి కావు. ఒకే కుట్టులో కలిసున్న వస్తువులు ఒక్కోటి ఒక్కో లెక్కన కుదించుకుపోవడమే అసలు సమస్య. ఈ సంగతి పట్టుకుంటే ఎలా ఉతకాలి, ఎలా ఆరబెట్టాలి, పాడైతే ఎక్కడ విప్పి సరిచేయాలి అన్నవన్నీ దాన్నుంచే తేలిపోతాయి.

సోఫా సీటు కవర్ అంచును ఒకసారి విప్పి చూస్తే అందులో నాలుగు రకాలు కనిపిస్తాయి. ఒకటి పై బట్ట, కాటన్ అనుకుందాం. రెండోది జిప్, దాని పళ్లకు రెండు వైపులా ఉండే పట్టీ దాదాపు ఎప్పుడూ పాలిస్టరే. మూడోది పైపింగ్ లోపల ఉండే తాడు, ఇది నూలు తాడు కావచ్చు, ప్లాస్టిక్ తాడు కావచ్చు. నాలుగోది కుట్టు దారం. నీళ్లు తగిలితే కాటన్ బట్ట కుదించుకుపోతుంది, నూలు తాడు అంతకంటే ఎక్కువ కుదించుకుపోతుంది, జిప్ పట్టీకి, ప్లాస్టిక్ తాడుకు మాత్రం ఏమీ కాదు. వీటన్నిటినీ ఒకే కుట్టుతో బిగించేశారు కాబట్టి చిన్నదైపోయినది పక్కదాన్ని లాగుతుంది, పెద్దదిగా మిగిలినది పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది.

కాటన్ ఎందుకు కుదించుకుపోతుందంటే, నేసేటప్పుడు మగ్గం మీద పడుగు దారాలను బాగా బిగించి లాగి ఉంచుతారు, మిల్లులో ఆ తర్వాత రంగు వేసేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు, చుట్టేటప్పుడు కూడా బట్ట పొడవునా లాగుడు పడుతూనే ఉంటుంది. ఆ బిగువుతోనే బట్ట మన చేతికి వస్తుంది. నీళ్లలో పడగానే కాటన్ పోగు నీరు పీల్చి లావెక్కుతుంది, లావెక్కిన దారాన్ని చుట్టి పైకీ కిందకీ వెళ్లాలంటే దాన్ని దాటే దారానికి ఎక్కువ పొడవు కావాలి, ఆ పొడవు బట్ట నుంచే తీసుకుంటుంది. అందుకే చన్నీళ్లలో నానబెట్టినా కొంత కుదింపు తప్పదు. వేడి, మెషీన్‌లో తిప్పుడు ఆ పనిని ఇంకా ముందుకు తోస్తాయి. చాలా మిల్లులు బట్టను అమ్మేముందే ఆవిరితో దగ్గరకు నొక్కి కుదించేస్తాయి, సాన్ఫరైజ్డ్ అని అంచు మీద రాసి ఉండేది ఇదే. చేనేత బట్టకు ఆ పని జరగదు. పోచంపల్లి ఇక్కత్‌తో కుషన్ కవర్లు కుట్టించుకున్నవాళ్లకు మొదటి ఉతుకులోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే. కుదింపులో ఎక్కువ భాగం మొదటి ఉతుకులో అయిపోతుంది, మిగిలింది తర్వాతి రెండు మూడు ఉతుకుల్లో కొద్దికొద్దిగా వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, పడుగు వైపు ఎక్కువ లాగి ఉంటుంది కాబట్టి మామూలుగా పొడవు వైపే ఎక్కువ తగ్గుతుంది, అడ్డం వైపు తక్కువ.

ఇప్పుడు ఒక సీటు కవర్ తీసుకుని లెక్క వేసి చూద్దాం. పొడవూ వెడల్పూ 24 అంగుళాలు, మందం 4 అంగుళాలు, పైనా కిందా చుట్టూ పైపింగ్, వెనక పట్టీలో జిప్. బట్ట ముందెప్పుడూ తడపని కాటన్, పొడవు వైపు 5 శాతం, అడ్డం వైపు 2 శాతం తగ్గుతుందనుకుందాం. ఉతికాక పై ముక్క ఒకవైపు 22.8 అంగుళాలు, ఇంకోవైపు 23.5 అంగుళాలు అవుతుంది. చుట్టుకొలత ముందు 96 ఉన్నది సుమారు 92.6 అంగుళాల దగ్గర ఆగుతుంది, అంటే మూడు అంగుళాలకు పైగా పోయింది. ఇక్కడ పైపింగ్ లోపల ప్లాస్టిక్ తాడు ఉంటే అది 96 అంగుళాలూ అలాగే ఉంటుంది. ఆ మిగిలిన మూడు అంగుళాల పైచిలుకు తాడు అంచు వెంట ఎగుడుదిగుడుగా తిరుగుతుంది, మూలల దగ్గర పొడుచుకొస్తుంది. అదే వదులుగా పేనిన నూలు తాడైతే కథ తిరగబడుతుంది. అది 8 శాతం తగ్గిందనుకుంటే 88 అంగుళాల దగ్గరకొస్తుంది, బట్ట ఇంకా 92 పైనే ఉంది, నాలుగు అంగుళాల బట్ట పైపింగ్ పక్కన కుచ్చిళ్లుగా పోగవుతుంది. ఒకే బట్ట, ఒకే ఉతుకు, లోపలి తాడు మారితే పాడయ్యే తీరే మారిపోయింది.

జిప్ సంగతీ ఇంతే. వెనక పట్టీని టైలర్ బట్ట పొడవున కత్తిరించి ఉంటే 24 అంగుళాల పట్టీ 22.8 అవుతుంది, జిప్ మాత్రం 24 గానే ఉంటుంది, ఒక అంగుళానికి పైగా జిప్ ఎక్కువైంది కాబట్టి అలలు తేలుతుంది. అదే పట్టీని అడ్డంగా కత్తిరించి ఉంటే అర అంగుళం తేడాతో పోయేది, ఇస్త్రీ పెడితే కనిపించేది కూడా కాదు. మూడు సీట్ల సోఫాలో రెండు కవర్లు బాగుండి ఒక్కటి మాత్రం పాడైతే మెషీన్‌నీ సబ్బునీ అనుమానించే ముందు ఆ కవర్ ముక్కలు బట్టలో ఏ వైపుకు కత్తిరించారో చూడాలి. బట్ట మిగుల్చుకోవడానికి ముక్కలను అటూ ఇటూ తిప్పి కత్తిరించడం చాలా మామూలు.

కాబట్టి ఉతకడానికి ముందు చేయాల్సిన పని, లోపల ఏముందో తెలుసుకోవడం. కవర్ తిరగేసి కుట్టు లోపలి మార్జిన్ నుంచి రెండు పోగులు లాగి, వాటిని పళ్లెంలో పెట్టి పట్టకారుతో పట్టుకుని అంటించి చూస్తే బట్ట ఏమిటో తెలిసిపోతుంది. కాటన్ కాగితం కాలినట్టు కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది, రెండూ కలిస్తే కొంత బూడిద, కొంత ముద్ద. బట్ట వెనక వైపు రబ్బరు పూతలాగా ఉంటే ఆ కవర్‌ను మెషీన్‌లో వేయకూడదు. సోఫా బట్టల్లో చాలావాటికి దారాలు జారకుండా వెనక ఆ పూత వేస్తారు, తిప్పుడుకీ వేడికీ అది పగిలి పొరలుగా రాలుతుంది, ఆపైన బట్ట కూడా ముడుచుకుపోతుంది. పైపింగ్ తాడు తెలియాలంటే దాని రెండు కొసలు కలిసే చోటు వెతకాలి, సాధారణంగా వెనక వైపు జిప్‌కు దగ్గర్లో ఉంటుంది. అక్కడ రెండు కుట్లు విప్పి తాడు మీద ఒక నీటి చుక్క వేయాలి. పీల్చుకుంటే నూలు, జారిపోతే ప్లాస్టిక్. విప్పడం ఇష్టం లేకపోతే వేళ్లతో నొక్కి చూసినా కొంత అంచనా దొరుకుతుంది, నూలు తాడు మెత్తగా అణుగుతుంది, ప్లాస్టిక్ తాడు జారుడుగా గట్టిగా తగులుతుంది.

తర్వాత, ఎంత తగ్గుతుందో కొలవాలి. కవర్లు కుట్టించినప్పుడు మిగిలిన ముక్క ఉంటే దాని మీద 10 అంగుళాల చదరం దారంతో టాకా వేసి గుర్తు పెట్టి, కవర్లను ఎలా ఉతకబోతున్నారో అచ్చం అలాగే ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలవాలి. ఒకవైపు 9¾ అంగుళాలు వస్తే రెండున్నర శాతం తగ్గినట్టు, 9½ వస్తే 5 శాతం. ఇక్కడ ఒక గీత గీసుకోవచ్చు. రెండు రెండున్నర శాతం లోపు తేడాను తడిగా ఉండగా లాగడంతో, ఇస్త్రీతో సర్దుకోవచ్చు. 5 శాతం దాటితే నీళ్లలో వేయకపోవడమే మంచిది, అసలైన డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలి. డ్రైక్లీనింగ్‌లో వాడే ద్రావకం కాటన్ పోగును నీళ్లలా ఉబ్బించదు, అందుకే అందులో కుదింపు తక్కువ. అయితే డ్రైక్లీనర్స్ అని బోర్డు పెట్టి నీళ్లలోనే ఉతికి ఇచ్చే దుకాణాలు కూడా ఉంటాయి, అందుకని "నీళ్లలో వేస్తారా, పెట్రోల్ వాష్ చేస్తారా" అని నేరుగా అడగాలి. మిగులు ముక్క లేకపోతే అన్ని కవర్లూ ఒకేసారి నీళ్లలో పడేయకుండా తక్కువ కనిపించే చిన్న దిండు కవర్ ఒకటి ముందు ఉతికి చూడాలి. రెడీమేడ్ కవరైతే లోపలి లేబుల్ చూడాలి. టబ్ బొమ్మలో 30 అని ఉంటే 30 డిగ్రీలు దాటకూడదని, టబ్ కింద ఒక గీత ఉంటే నెమ్మదిగా తిప్పమని, టబ్ మీద కొట్టివేత ఉంటే అసలు నీళ్లలో వేయొద్దని అర్థం.

కవర్లు తీసేటప్పుడే ఏ కవర్ ఏ సీటుదో గుర్తు పెట్టుకోవాలి. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా ఫోమ్ ముక్కలు అచ్చంగా ఒకే కొలతలో ఉండవు, ఉతికాక కాస్త చిన్నదైన కవర్‌ను పక్క సీటు ఫోమ్‌కు తొడిగితే జిప్ పట్టదు, బలవంతంగా లాగితే పళ్లు విడిపోతాయి. లోపలి మార్జిన్‌కు ఒకటి, రెండు, మూడు అని రంగు దారంతో టాకాలు వేస్తే చాలు. ఫోమ్ పొడవూ వెడల్పూ, ముందు అంచు పైపింగ్ పొడవు, జిప్ పొడవు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఆరేటప్పుడు ఎంతవరకు లాగాలో తెలుస్తుంది, లేకపోతే అందాజుగా లాగాల్సి వస్తుంది.

నీళ్లలో వేసే ముందు దుమ్ము బయటే దులపాలి. జిప్ పళ్ల మధ్య, పైపింగ్ గాడిలో ఇసుక, తిండి తుంపులు ఇరుక్కుని ఉంటాయి, పాత టూత్‌బ్రష్‌తో పొడిగా ఉన్నప్పుడే లాగేస్తే వస్తాయి, తడిశాక అదే బురదై కుట్టు సందుల్లోకి దిగి గీత కడుతుంది. ఆ తర్వాత కవర్‌ను తిరగేసి జిప్ మూయాలి. జిప్ తెరిచి ఉంచి ఉతికితే నోరు రెండు పెదాలుగా విడిపోయి ఒక్కోటి ఒక్కో వైపు మెలి తిరుగుతుంది, పట్టీ మడత పడి అలాగే ఆరుతుంది, పళ్లు పక్క బట్టను గీస్తాయి. మూసి ఉంటే రెండు వైపుల బట్టా ఒకదానికొకటి ఆసరాగా సమంగా ఉంటుంది. తిరగేసిన కవర్‌లో రన్నర్ పిడి లోపలికి పోతుంది కాబట్టి చివరిదాకా మూయడం కుదరదు, చేతివేళ్లు పట్టేంత, రెండు అంగుళాలు వదిలి, ఆ సందును జిప్ పట్టీకి మాత్రమే గుచ్చి పిన్నీసుతోనో నాలుగు పెద్ద టాకాలతోనో మూస్తే సరిపోతుంది. పిన్నీసు బట్టకు గుచ్చితే తిప్పుడులో చిరుగుతుంది. సోఫా కవర్లకు మీటర్ల లెక్కన కొనే చుట్ట జిప్ వేస్తారు, దానికి కొసల్లో ఆపుడు ఉండదు. కొస కుట్టులో సరిగా పట్టిందో లేదో చూసుకోకపోతే రన్నర్ ఊడి చేతికొస్తుంది.

ఉతకడంలో కవర్‌కు ఎక్కువ చేటు చేసేది తిప్పుడు, మెలి పెట్టడం, ఆ తర్వాతే వేడి. చేత్తో ఉతికే వీలుంటే మొదటి ఉతుకు చేత్తోనే మంచిది. బకెట్ కాకుండా వెడల్పు టబ్‌లో చన్నీళ్లు పోసి, లిక్విడ్ డిటర్జెంట్ మామూలుగా వేసేదాంట్లో సగం కలిపి, కవర్ మడతలు పడకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి అరచేతులతో నొక్కుతూ ఉతకాలి. రాత్రంతా నానబెట్టడం వల్ల మురికి ఎక్కువ పోతుందనుకుంటారు, రంగు పోవడం మాత్రం ఖాయం, ముఖ్యంగా ముదురు రంగు పైపింగ్ లేత బట్ట మీద ఉన్నప్పుడు. తడిపిన తెల్ల గుడ్డతో ముందే పైపింగ్‌ను రుద్ది చూస్తే రంగు పోయేదో కాదో తెలుస్తుంది. మెషీన్ అయితే ముందు నుంచి వేసే రకంలో డెలికేట్ పెట్టి, 30 డిగ్రీలు లేదా చన్నీళ్లు, స్పిన్ 400 నుంచి 600 దాటకుండా పెట్టాలి. డ్రమ్‌లో సగమే నింపాలి. పెద్ద సీటు కవర్లు రెండు చాలు, పక్కన జీన్స్ లాంటి బరువు బట్టలు వేయకూడదు. పై నుంచి వేసే మెషీన్‌లో అడుగున తిరిగే చక్రం బట్టను తాడులా మెలేస్తుంది, అక్కడ వల సంచి తప్పనిసరి. పొడి సబ్బు చన్నీళ్లలో పూర్తిగా కరగదు, మిగిలిన పలుకులు వెళ్లి కూర్చునేది పైపింగ్ గాడిలోనే. బోరు నీళ్లు ఉన్న ఇళ్లలో ఈ సమస్య రెట్టింపవుతుంది, ఆరాక అంచు గట్టిగా బిరుసెక్కి ముడత పోవడానికి మొరాయిస్తుంది, అలాంటి చోట ఇంకోసారి జాడించడం మేలు. బండ మీద బాదడం మాత్రం పైపింగ్ ఉన్న కవర్లకు అసలు పనికిరాదు, తాడు మీద బట్ట ఎత్తుగా ఉంటుంది కాబట్టి దెబ్బలన్నీ అక్కడే పడి ఆ గీత వెంటే పోగులు తెగుతాయి.

పిండకూడదు. పైపింగ్ పట్టీని క్రాస్‌గా, అంటే బట్టకు ఐమూలగా కత్తిరిస్తారు, మూలల దగ్గర అందంగా వంగడానికి. ఐమూల ముక్క సాగుతుంది, తడిసినప్పుడు ఇంకా సాగుతుంది. రెండు చేతులతో మెలేసి పిండితే ఆ పట్టీ తాడు మీద చుట్టూ తిరిగిపోయి అలాగే ఉండిపోతుంది, ఆరాక ఎంత సర్దినా పైపింగ్ ఒకవైపు వాలినట్టే కనిపిస్తుంది. కవర్‌ను పాత టవల్ మీద పరిచి, టవల్‌తో సహా చుట్టి, మోకాలితో నొక్కితే నీళ్లు చాలావరకు పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని తర్వాతి పది నిమిషాలకు. తడిగా ఉన్న కాటన్ లాగితే సాగుతుంది, సాగిన స్థితిలో ఆరితే చాలావరకు అలాగే నిలుస్తుంది. కాబట్టి కవర్ తడిగా ఉండగానే జిప్ ఉన్న పట్టీని రెండు కొసల దగ్గర పట్టుకుని మెల్లగా, ఒకే బలంతో, మూడు నాలుగుసార్లు లాగాలి. లాగేది జిప్‌ను కాదు, జిప్‌కు రెండు పక్కలా ఉన్న బట్టను. జిప్ సాఫీగా పరుచుకున్న క్షణం బట్ట దాని పొడవుకు వచ్చినట్టు, అక్కడ ఆపాలి. నాలుగు పైపింగ్ అంచులకూ ఇదే పని, మూల నుంచి మూలకు, ముందు రాసిపెట్టుకున్న కొలత చూసుకుంటూ. పైపింగ్‌ను వేళ్ల మధ్య పట్టుకుని అంచు పొడవునా సర్దితే తాడు లోపల తన చోటికి వస్తుంది. నూలు తాడు కూడా తడిలో కొంత సాగుతుంది, ఆరిపోయాక సాగదు, అందుకే ఈ పనిని ఇస్త్రీ దాకా వాయిదా వేయకూడదు.

ఆరేయడంలో క్లిప్పులతో మూలల దగ్గర వేలాడదీయడం పెద్ద తప్పు. తడి బట్ట బరువంతా ఐమూలగా కత్తిరించిన పట్టీ మీద పడి ఆ మూల కిందకు సాగుతుంది, పక్క మూల కుచించుకుపోతుంది, కవర్ చదరం కాస్తా వంకర అవుతుంది. నవారు మంచం మీద, ఆరబెట్టే స్టాండ్ పైభాగం మీద బల్లపరుపుగా, తిరగేసి, నీడలో ఆరేస్తే సమస్యే ఉండదు. స్థలం లేకపోతే రెండు తీగల మీద సగం సగంగా పరచాలి, జిప్ తీగ మీద కాకుండా తీగకు సమాంతరంగా పక్కకు వచ్చేలా. మే నెల ఎండలో డాబా మీద వేస్తే పై బట్ట అరగంటలో ఆరిపోతుంది, లోపల తాడు మాత్రం గంటల తరబడి తడిగానే ఉండి తర్వాత తన లెక్కన ముడుచుకుంటుంది, ఎండకు రంగు వెలవడం అదనం. డ్రయర్‌లో అయితే వేడి, దొర్లడం రెండూ కలుస్తాయి, కాటన్‌కు మిగిలి ఉన్న కుదింపంతా ఒక్కసారే బయటపడుతుంది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉండి బయట ఆరేయడానికి వీల్లేని మనవాళ్లు డ్రయర్ తప్పదనుకుంటే వేడి లేని గాలి మీద పది నిమిషాలు తిప్పి తీసి, మిగతాది ఇంట్లోనే స్టాండ్ మీద ఆరబెట్టుకోవచ్చు.

కవర్ దాదాపు ఆరి, కుట్ల దగ్గర మాత్రం చెమ్మ ఉన్నప్పుడు ఫోమ్‌కు తొడిగేసి జిప్ వేసి ఫ్యాన్ కింద నిలబెట్టి ఉంచడం మంచి పద్ధతి. ఫోమే అచ్చులా పనిచేసి అన్ని వైపులా సమంగా లాగి పట్టుకుంటుంది, కవర్ ఆ ఆకారంలోనే ఆరుతుంది, చేత్తో ఎంత లాగినా ఆ సమానత్వం రాదు. కానీ దీనికి హద్దులున్నాయి. వానాకాలంలో, విశాఖ, కాకినాడ లాంటి గాలిలో తేమ ఎక్కువున్న చోట ఇది చేస్తే ఫోమ్ లోపల ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది, ఒకసారి పడితే వదలదు. దిండు లోపల దూదో, పీచో ఉంటే ఏ కాలంలోనూ చేయకూడదు, అవి తేమ పీల్చుకుని ఉండలు కడతాయి. అలాంటి వాటికి ఇస్త్రీయే దారి.

ఇస్త్రీ చెమ్మ మీదే పెట్టాలి, లోపలి వైపు నుంచి. పైపింగ్ మీద పెట్టె ఎక్కించకుండా దాని పక్కదాకా ముక్కుతో వెళ్లి ఆగాలి, తాడు మీద నొక్కితే అది చదునై మెరుపు గీత పడుతుంది. జిప్ దగ్గర పెట్టె వేడి తగ్గించి, మధ్యలో తడి గుడ్డ వేసి, ఒక చేత్తో బట్టను జిప్ పొడవునా లాగి పట్టుకుని ఇంకో చేత్తో నొక్కాలి. ప్లాస్టిక్ పళ్లు కాటన్ వేడికి మెత్తబడి వంగిపోతాయి, ఆ తర్వాత రన్నర్ అక్కడికొచ్చి ప్రతిసారీ ఆగుతుంది. పూర్తిగా పాలిస్టర్ బట్ట అయితే నీటికి కుదించుకుపోదు కానీ వేడికి లొంగుతుంది, మరిగే నీళ్లలో పడిన మడత గానీ, ఎక్కువ వేడి పెట్టెతో వచ్చిన ముడత గానీ ఆ బట్టలో స్థిరపడిపోతుంది. కాటన్‌కు చన్నీళ్లూ నెమ్మదితనమూ ఎంత అవసరమో, పాలిస్టర్‌కు తక్కువ వేడి అంతే అవసరం.

ఇన్ని చేసినా ముడత వచ్చిందనుకుందాం. ఎక్కడ తేడా వచ్చిందో ముడత ఆకారమే చెప్తుంది. జిప్ అలలుగా లేచి, దాని పక్క బట్ట బిగుతుగా ఉంటే బట్ట తగ్గింది. పైపింగ్ బిగుతుగా తీగలా ఉండి పక్క బట్ట కుచ్చిళ్లు పెడితే తాడు తగ్గింది. పైపింగే వదులుగా అటూ ఇటూ పొర్లుతుంటే తాడు మిగిలింది. జిప్పూ పైపింగూ లేని మామూలు కుట్ల దగ్గర కూడా సన్న ముడతలు వరసగా కనిపిస్తే అది దారం సంగతి, కుట్టేటప్పుడు దారం ఎక్కువ బిగించి కుట్టారు, లేదా నూలు దారం వాడారు. కుట్లన్నీ సాఫీగా ఉండి కవర్ మొత్తం బిగుతైతే అన్నీ కలిసి తగ్గాయి, దానికి కుట్టు విప్పడం దండగ, ఫోమ్‌ను అన్ని వైపులా అర అంగుళం కోయించుకోవడం ఒక్కటే పని.

తాడు తగ్గినప్పుడు కవర్ మొత్తం విప్పనక్కర్లేదు. పైపింగ్ కొసలు కలిసే చోట వెనక వైపు మూడు అంగుళాల కుట్టు విప్పి, లోపలి తాడును మాత్రమే కత్తెరతో తెంపాలి. తర్వాత అంచును తడి చేసి, తెగిన చోటికి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి వేళ్లతో బట్టను తాడు మీద జరుపుతూ ముడతలన్నీ సాఫీ చేస్తూ రావాలి. తెగిన రెండు కొసలు దూరం జరుగుతాయి, పైన చెప్పిన లెక్కలో నాలుగు అంగుళాల సందు దాకా రావచ్చు. ఆ సందులో అంతే లావున్న తాడు ముక్క, ముందే తడిపి ఆరబెట్టినది, పెట్టి మళ్లీ కుట్టేయాలి. కుట్టు తాడుకు మరీ దగ్గరగా ఉంటే తాడు జరగదు, అప్పుడు ఎదురు వైపు కూడా ఇంకో చోట తెంపాలి. తాడు మిగిలిపోయిన కవర్‌కు దీనికి తిరగేసి చేయడమే, అదే చోట విప్పి ఎక్కువైన తాడును బయటకు లాగి కోసేయాలి. జిప్ అలలు ఇస్త్రీకి లొంగకపోతే ఒక వైపు కొస నుంచి జిప్ పట్టీని రెండు పక్కలా విప్పించి, బట్ట పొడవుకు పరిచి, మిగిలిన అంగుళం కొసలో కోసి మళ్లీ కుట్టించాలి. చుట్ట జిప్ కాబట్టి కోసినా ఇబ్బంది లేదు, రన్నర్ లోపలి వైపు ఉందో లేదో చూసుకుని కోస్తే చాలు. ఏ టైలరైనా అరగంటలో చేసే పని ఇది, కవర్ పారేసేంత విషయం కాదు.

కొత్తగా కుట్టించుకునేవాళ్ల పని ఇంకా తేలిక. బట్ట కొనేటప్పుడే పదో వంతు ఎక్కువ తీసుకుని, కత్తిరించక ముందే మొత్తం బట్టను తర్వాత ఎలా ఉతకబోతున్నారో అలా ఒకసారి ఉతికి ఆరబెట్టి ఇవ్వాలి. చేనేత అయితే రెండుసార్లు. పైపింగ్‌కు వేరే రంగు బట్ట వాడితే దాన్ని కూడా. తాడు విషయం టైలర్‌కు వదిలేయకుండా ప్లాస్టిక్ తాడు వేయమని చెప్పాలి, లేదా నూలు తాడునే చుట్ట చుట్టి వేడి నీళ్లలో ముంచి పూర్తిగా ఆరాక ఇవ్వాలి. బట్ట ముందే తగ్గిపోయి ఉంటే ప్లాస్టిక్ తాడు వల్ల ఏ ఇబ్బందీ ఉండదు, బట్ట తడపకుండా ప్లాస్టిక్ తాడు వేయిస్తే మాత్రం మొదటి ఉతుకులోనే అంచు పొర్లుతుంది. పాలిస్టర్ దారంతో కుట్టమనాలి, జిప్ పట్టీ ముక్కలను బట్ట అడ్డం వైపు కత్తిరించమనాలి. ఇందులో టైలర్లు ఒప్పుకోవడానికి కాస్త ఇబ్బంది పడేది ఆ చివరి మాటకే, అడ్డంగా కత్తిరిస్తే బట్ట ఎక్కువ పడుతుందని. పడుతుంది, అందుకే ఆ పదో వంతు.